డ్రాయింగ్ తప్పా, పని తప్పా?

ఒక భవనంలో నెట్‌వర్క్ పని పూర్తయ్యాక వెండర్ అప్పగించే కాగితాల్లో సైట్ నెట్‌వర్క్ డయాగ్రమ్ ముఖ్యమైనది. ఏ అంతస్తులో ఏ స్విచ్ ఉంది, దాని తీగ ఏ దారిన వచ్చి ఎక్కడ తగులుతోంది, ఏ పరికరానికి ఏ అడ్రస్ ఇచ్చారు అన్నది అందులో గీసి ఉంటుంది. పని మొదలుకాక ముందు ఒప్పుకున్న డిజైన్ డ్రాయింగ్ వేరు, పని ముగిశాక వచ్చే ఈ డ్రాయింగ్ వేరు. దీన్ని యాజ్‌బిల్ట్ అంటారు. కట్టాలనుకున్నది కాక, నిజంగా కట్టింది ఇందులో కనిపించాలి. చాలా ఒప్పందాల్లో ఇది ఆమోదం పొందితే తప్ప ఆఖరి బిల్లు కదలదు. అందుకే వెండర్లు దీన్ని చివర్లో హడావిడిగా, తరచూ డిజైన్ డ్రాయింగునే పేరు మార్చి పంపేస్తుంటారు. తప్పులు ఎక్కువగా పుట్టేది అక్కడే.

ఆ తప్పులు సరిచేయమని ప్రాజెక్టు మేనేజరు రాసే ఉత్తరం పైకి చిన్న పనిలాగే ఉంటుంది. తేడాల జాబితా ఇచ్చి, దిద్ది పంపమంటే సరిపోతుందనిపిస్తుంది. చిక్కేమిటంటే, డ్రాయింగుకూ సైటుకూ తేడా కనిపించిన ప్రతిచోటా తప్పు డ్రాయింగుదే కాదు. పని సరిగ్గా చేసి గీత తప్పు గీసి ఉండొచ్చు. గీత ఒప్పందం ప్రకారమే ఉండి, పని పక్కదారి పట్టి ఉండొచ్చు. లేదా మధ్యలో యజమాని తరఫువాళ్లే ఏదో మార్పించి, అది కాగితం మీదికి ఎక్కకపోయి ఉండొచ్చు. ఈ మూడింటికీ ఒకే మాటగా ‘డ్రాయింగును సైటుకు తగ్గట్టు సవరించండి’ అని రాస్తే రెండో రకం తప్పు కూడా ఆమోదం పొందినట్టే అవుతుంది. వెండరుకు తీగ మార్చడం కంటే గీత మార్చడం వెయ్యి రెట్లు సులువు.

ఒక ఊహాత్మక ఉదాహరణతో ఇది తేలిగ్గా అర్థమవుతుంది. ఒక జిల్లా కేంద్రంలో నాలుగు అంతస్తుల ఆసుపత్రి భవనం అనుకుందాం. పొడవు సుమారు 80 మీటర్లు. గ్రౌండ్ ఫ్లోర్ తూర్పు కొసన సర్వర్ రూమ్, అందులో రెండు కోర్ స్విచ్‌లు. ప్రతి అంతస్తు నడిమధ్యన ఒక చిన్న గదిలో రాక్, ఆ రాకులో ఆ అంతస్తు స్విచ్. ప్రతి స్విచ్ నుంచి సర్వర్ రూముకు రెండు ఫైబర్ తీగలు రావాలి. ఒకటి తూర్పు షాఫ్ట్ గుండా, రెండోది పడమటి షాఫ్ట్ గుండా. ఒక షాఫ్ట్‌లో నీళ్లు కారినా, మంట లేచినా, వెల్డింగ్ వాడు పొరపాటున తీగ కాల్చినా రెండో దారి పనిచేస్తూ ఉండాలన్నది ఒప్పందంలోని షరతు.

డ్రాయింగ్ చేతికి రాగానే సైటుకు పరుగెత్తనక్కర్లేదు. కొన్ని తప్పులు కాగితం మీదే దొరుకుతాయి. ఈ ఆసుపత్రి డ్రాయింగులో కెమెరాల నెట్‌వర్క్‌కు `10.20.30.0/26` అని, దాని గేట్‌వేకు `10.20.30.65` అని రాసి ఉంది. చివరనున్న 26 అనే అంకె ఆ నెట్‌వర్క్‌లో ఎన్ని అడ్రసులుంటాయో చెబుతుంది. 26 అంటే 64 అడ్రసులు, అంటే 0 నుంచి 63 వరకు. మొదటిది నెట్‌వర్క్‌ను సూచించడానికి, చివరిది అందరికీ ఒకేసారి పంపే సందేశాలకు పోగా పరికరాలకు మిగిలేవి 62. గేట్‌వే అంటే ఆ నెట్‌వర్క్ నుంచి బయటికి వెళ్లే తలుపు. అది నెట్‌వర్క్ లోపలే ఉండాలి. 65 అనేది 63 దాటిపోయింది కాబట్టి ఈ రెండు అంకెల్లో ఒకటి తప్పు. ఏది తప్పో మాత్రం కాగితం చెప్పదు. స్విచ్‌లో చూస్తే అసలు నెట్‌వర్క్ `10.20.30.64/26` అని తేలింది. అది 64 నుంచి 127 వరకు నడుస్తుంది, 65 అందులో చక్కగా ఇముడుతుంది. కెమెరాలు బాగానే పనిచేస్తున్నాయి, తప్పు గీతలోనే ఉంది. అలాగని వదిలేయదగిన తప్పు కాదు. రేపు కొత్త కెమెరా బిగించేవాడు ఈ డ్రాయింగ్ చూసి `10.20.30.20` అని అడ్రస్ ఇస్తాడు, కెమెరా రికార్డరుకు కనిపించదు, ఒక పూటంతా తీగలు పీకి చూసుకుంటాడు.

రెండో మెట్టు పరికరాలనే అడగడం. చాలా స్విచ్‌లు తమ పక్కనున్న స్విచ్ పేరును, అది ఏ పోర్టులో తగిలిందో చెప్పగలవు. ఆ సౌకర్యం పేరు ఎల్‌ఎల్‌డీపీ. కొన్ని కంపెనీల స్విచ్‌లలో దాన్ని ముందుగా ఆన్ చేసుకోవాలి. రెండో అంతస్తు స్విచ్‌ను అడిగితే ఇలా వచ్చింది:

```
SW-2F-01# show lldp neighbors
Device ID   Local Intf   Hold-time   Port ID
CORE-1      Te1/1/1      120         Te1/0/5
CORE-2      Te1/1/2      120         Te1/0/3
```

డ్రాయింగులో మాత్రం మొదటి తీగ `CORE-1`లోని మూడో పోర్టుకు వెళ్తున్నట్టుంది. నిజానికి వెళ్తున్నది అయిదో పోర్టుకు. ఇదీ గీత తప్పే. ఏదో ఒక అర్ధరాత్రి రెండో అంతస్తు తీగ అనుకుని మూడో పోర్టు లాగితే ఊడిపోయేది మరో తీగ. అదే స్విచ్‌కున్న 48 పోర్టుల్లో సగం, అంటే 24 పోర్టులను ప్యాచ్ ప్యానెల్ మీది లేబుళ్లతో పోల్చి చూస్తే మూడు కలవలేదు. నర్సుల స్టేషన్ ఫోను అని రాసిన చోట కెమెరా ఉంది, మిగతా రెండూ అలాంటివే.

మూడో మెట్టు కళ్లతో చూడటం. ఎల్‌ఎల్‌డీపీ తీగకు రెండు కొసల్లో ఏముందో చెబుతుంది గానీ, మధ్యలో ఆ తీగ ఏ దారిన వచ్చిందో చెప్పలేదు. పై జవాబులో రెండు కోర్ స్విచ్‌లూ కనిపించాయి కదా అని రెండు దారులూ ఉన్నాయనుకుంటే పొరపాటే. ఇక్కడ అనుమానం రావడానికి షాఫ్ట్ తలుపు తెరవాల్సిన పని కూడా లేదు. వెండర్ స్వయంగా ఇచ్చిన ఫైబర్ టెస్ట్ రిపోర్టు చాలు. రెండో అంతస్తు మొదటి ఫైబర్ పొడవు 56 మీటర్లు, రెండోది 58 మీటర్లు అని అందులో ఉంది. సర్వర్ రూమ్ తూర్పు కొసన ఉంది కాబట్టి తూర్పు షాఫ్ట్ ఎక్కి, సగం కారిడార్ నడిచి రాక్ చేరే తీగకు 55 మీటర్లు, ఆ చుట్టుపక్కల రావడం సబబే. పడమటి దారిన వెళ్లే తీగ ముందు భవనం పొడవంతా దాటాలి, పైకెక్కాలి, మళ్లీ సగం కారిడార్ వెనక్కి రావాలి. దానికి ఎంత తక్కువ లెక్కేసినా 125 మీటర్లు దాటుతుంది. 58 మీటర్ల తీగ ఆ దారిన రావడం అసాధ్యం. షాఫ్ట్ తెరిచి చూస్తే రెండు తీగలూ తూర్పు వైపు ఒకే ట్రేలో, ఒకే కట్టలో ఉన్నాయి. డ్రాయింగులో మాత్రం ఎర్రగీత ఒకటి తూర్పున, నీలిగీత ఒకటి పడమట, ఒప్పందం ఎలా కోరిందో అలాగే ఉన్నాయి.

ఇదే రెండో రకం తప్పు. డ్రాయింగ్ సైటుతో కలవడం లేదన్నది నిజమే. దాన్ని సైటుకు తగ్గట్టు దిద్దితే మాత్రం ఆసుపత్రి డబ్బు పెట్టి కొనుక్కున్న రెండో దారి కాగితం మీంచి కూడా మాయమవుతుంది. ఆపైన ‘మీరు ఆమోదించిన డ్రాయింగులో అలాగే ఉందిగా’ అని వెండర్ అంటే జవాబు ఉండదు.

మూడో రకం మూడో అంతస్తులో ఉంది. అక్కడి రాక్ నడిమి గదిలో లేదు, పడమటి కొస గదిలో ఉంది. ఆరా తీస్తే, నడిమి గదిని ఆక్సిజన్ పైపుల కోసం తీసుకున్నారని, రాక్ జరపమని ఆసుపత్రి ఇంజనీరే నోటిమాటగా చెప్పారని తేలింది. రాక్ జరగడంతో తూర్పు కొసనున్న వైఫై పెట్టెకు వెళ్లే రాగి తీగ 97 మీటర్లయింది. గోడలో స్థిరంగా ఉండే రాగి తీగకు కేబులింగ్ ప్రమాణాలు పెట్టిన హద్దు 90 మీటర్లు. రెండు కొసల్లో తగిలించే ప్యాచ్ కార్డులతో కలుపుకుని మొత్తం 100. వైఫై పెట్టె ఇవాళ వెలుగుతూనే ఉండొచ్చు, లోడు పెరిగినప్పుడో కరెంటు అదే తీగ మీద పంపాల్సి వచ్చినప్పుడో మొరాయిస్తుంది. ఇందులో వెండర్ తప్పు ఎంత? రాక్ జరిగిన సంగతి డ్రాయింగులో చూపకపోవడం అతని తప్పు. హద్దు దాటుతోందని అప్పుడే రాతలో హెచ్చరించకపోవడమూ అతని తప్పే. రాక్ జరపడం మాత్రం కాదు. తీగ సమస్యకు విరుగుడుగా మధ్యలో మరో చిన్న స్విచ్ పెట్టాలన్నా, ఫైబర్ వేయాలన్నా ఆ ఖర్చు ఎవరిదన్నది విడిగా తేల్చుకోవాల్సిన విషయం. అది డ్రాయింగ్ ఉత్తరంలో ఇరికించేది కాదు.

ఈ విభజన జరిగాకే ఉత్తరం రాయడానికి కూర్చోవాలి. నిజానికి కష్టమంతా అప్పటికే అయిపోయి ఉంటుంది. ఇలాంటి ఉత్తరాలు ఎక్కువగా ఇంగ్లిషులోనే నడుస్తాయి. భాష ఏదైనా ఉండాల్సిన కొలత మాత్రం ఒకటే. విషయం వరుసలోనే డ్రాయింగ్ నంబరు, రివిజన్ నంబరు, అది అందిన తేదీ ఉండాలి. ‘మీరు మొన్న పంపిన డయాగ్రమ్’ అని రాస్తే ఆ వారంలో వెండర్ పంపిన మూడు ఫైళ్లలో ఏదో ఎవరికీ తెలియదు. ఆ తర్వాత ఆ డ్రాయింగుకు ఇచ్చిన హోదా ఒక్క మాటలో చెప్పాలి. ఆమోదం, వ్యాఖ్యలతో ఆమోదం, సవరించి తిరిగి పంపాలి అనే మూడింటిలో ఏదో ఒకటి. ఆ మాట లేకపోతే ఉత్తరం ఎంత పొడుగున్నా వెండర్ దాన్ని ‘వ్యాఖ్యలతో ఆమోదం’గానే చదువుకుంటాడు, బిల్లు కూడా పెడతాడు.

ఆసుపత్రి ఉత్తరంలోని ముఖ్యభాగం తెలుగులో ఇలా ఉండొచ్చు:

“అయ్యా, మీరు అప్పగించిన సైట్ నెట్‌వర్క్ డయాగ్రమ్, రివిజన్ 1ని మీ సైట్ ఇంజనీరు సమక్షంలో పరిశీలించాం. హోదా: సవరించి తిరిగి పంపాలి.

1. షీట్ 2, రెండో అంతస్తు స్విచ్. `SW-2F-01` మొదటి అప్‌లింక్ `CORE-1`లోని `Te1/0/3`కి వెళ్తున్నట్టు చూపారు. పరిశీలనలో `Te1/0/5` అని తేలింది (జతపరిచినది: అ). సవరించగలరు.

2. షీట్ 4, కెమెరాల నెట్‌వర్క్. `10.20.30.0/26` అని చూపారు. స్విచ్‌లో `10.20.30.64/26` ఉంది (జతపరిచినది: ఆ). సవరించగలరు.

3. షీట్ 5, రెండో అంతస్తు పోర్టుల పట్టిక. 24 పోర్టులు పరిశీలించగా 3 కలవలేదు (జతపరిచినది: ఇ). ఇది నమూనా పరిశీలన మాత్రమే. అన్ని అంతస్తుల పోర్టులనూ మీరు తిరిగి సరిచూసి, పట్టికను కొత్తగా ఇవ్వగలరు.

4. షీట్ 3, మూడో అంతస్తు రాక్. నడిమి గదిలో చూపారు, పడమటి గదిలో ఉంది. మా కోరికపై జరిగిన మార్పుగా రివిజన్ పట్టికలో నమోదు చేసి, కొత్త స్థానమూ తీగల పొడవులూ చూపగలరు. 90 మీటర్లు దాటిన తీగ గురించి విడిగా రాస్తాం.

5. షీట్ 1, రెండో అంతస్తు ఫైబర్ దారి. ఈ భాగాన్ని ప్రస్తుతం సవరించవద్దు. పని ఒప్పందం ప్రకారం లేదని వేరే ఉత్తరం పంపుతున్నాం. అది తేలేదాకా షీట్‌లో ఈ భాగం చుట్టూ గీత గీసి, ‘హోల్డ్’ అని గుర్తించగలరు.”

మొదటి రెండు అంశాలకూ ఒకే వరుస ఉంది చూడండి. డ్రాయింగులో ఎక్కడ, అందులో ఏమని ఉంది, సైటులో ఏం కనిపించింది, రుజువు ఏది, ఏం చేయాలి. ఈ అయిదింటిలో ఒకటి లోపించినా ఉత్తరానికి ఉత్తరం పుడుతుంది. ‘అప్‌లింక్ పోర్టులు తప్పుగా ఉన్నాయి, చూసుకోండి’ అని రాస్తే ఏ షీట్, ఏ స్విచ్, ఏ పోర్టు అని అడగడానికే వెండరుకు వారం పడుతుంది, ఆ వారం గడువులో కలవదు.

మూడో అంశంలోని రెండు వాక్యాలు ఈ ఉత్తరంలో అన్నిటికంటే విలువైనవి. సగం పోర్టులు చూస్తే మూడు తప్పులు దొరికాయంటే, చూడని వాటిలోనూ కొన్ని ఉన్నాయనే అనుకోవాలి. కేవలం ఆ మూడింటి జాబితా ఇస్తే వెండర్ సరిగ్గా ఆ మూడింటినే దిద్ది, ‘మీ వ్యాఖ్యలన్నీ పాటించాం’ అని పంపుతాడు. మాట అబద్ధం కాదు, డ్రాయింగ్ మాత్రం నమ్మదగినది కాదు. తప్పులు వెతికే పని ప్రాజెక్టు మేనేజరుది కాదు. నమూనా చూసి, పూర్తి పరిశీలన బాధ్యతను ఒప్పందం ఎవరి మీద పెట్టిందో వాళ్లకే తిరిగి అప్పగించాలి.

నాలుగో అంశంలో ‘మా కోరికపై’ అన్న మాట రాయడానికి చాలామంది వెనకాడతారు, మన తప్పు మనమే ఒప్పుకున్నట్టవుతుందని. దాచినందువల్ల ఒరిగేదేమీ లేదు. ఆసుపత్రి ఇంజనీరు ఎదుటే రాక్ జరిగిందని వెండర్ దగ్గర ఫొటోలతో సహా ఉంటుంది. ఆ ఒక్క అంశంలో అన్యాయంగా రాస్తే మిగతా నాలుగు అంశాల మీదా వాదన మొదలవుతుంది.

అయిదో అంశం గురించి వృత్తిలో ఉన్నవాళ్ల మధ్య రెండు పద్ధతులున్నాయి. యాజ్‌బిల్ట్ అంటే ఉన్నదే చూపాలి కాబట్టి రెండు తీగలనూ తూర్పు షాఫ్ట్‌లోనే గీసి, పక్కన ‘ఆమోదం లేదు, మార్చాలి’ అని రాయించాలన్నది ఒకటి. ఆ భాగాన్ని హోల్డులో పెట్టాలన్నది రెండోది. మొదటిది నిజానికి దగ్గరగా ఉంటుంది, ఒప్పుకోవాల్సిందే. కానీ డ్రాయింగులు చేతులు మారేకొద్దీ పక్కన రాసిన చిన్న అక్షరాలు రాలిపోతాయి, గీతలే మిగులుతాయి. అందువల్ల రెండోదే మేలు. పని లోపాన్ని వేరే ఉత్తరంలో రాయడానికీ ఇదే కారణం. డ్రాయింగ్ ఉత్తరం ఒకనాటికి ముగిసిపోతుంది. అందులోనే కలిపేసిన పని లోపం కూడా ముగిసినట్టే ఫైలుకెక్కుతుంది.

ఉత్తరం చివర్లో అడగాల్సినవి మరికొన్ని ఉంటాయి. సవరించిన డ్రాయింగుకు రివిజన్ 2 అని కొత్త నంబరు ఉండాలి. మార్చిన ప్రతిచోటా మబ్బు ఆకారంలో గీత చుట్టాలి. పీడీఎఫ్‌తో పాటు గీసిన అసలు ఫైలు కూడా ఇవ్వాలి. పీడీఎఫ్ ఒక్కటే చేతిలో ఉంటే రెండేళ్ల తర్వాత ఒక స్విచ్ చేర్చినప్పుడు మొత్తం మళ్లీ గీయించుకోవాలి. గడువు సంగతికొస్తే, ‘వీలైనంత త్వరగా’ అనే మాటకు విలువ లేదు. ఒప్పందంలో ఇన్ని రోజులని ఉంటే ఆ క్లాజు నంబరు వేసి, తేదీ రాయాలి.

జతపరిచే రుజువుల విషయంలో ఒక జాగ్రత్త అవసరం. స్విచ్ కాన్ఫిగరేషన్ మొత్తం కాపీ చేసి పంపితే అందులో పాస్‌వర్డుల ఆనవాళ్లు కూడా వెళ్లిపోతాయి. అవసరమైన నాలుగు వరుసలు మాత్రమే జతచేయాలి. డ్రాయింగ్ కూడా అంతే. భవనంలోని ప్రతి పరికరం పేరూ అడ్రసూ ఉన్న కాగితాన్ని సైట్ వాట్సాప్ గ్రూపులో పెట్టడం, తాళంచెవుల గుత్తిని గుమ్మానికి వేలాడదీయడమే. అయినా ఆ గ్రూపుల్లో రోజూ కనిపించేది అదే.

రివిజన్ 2 వచ్చాక చూడాల్సింది దిద్దమన్న చోట్లు మాత్రమే కాదు. వెండర్ దగ్గర డ్రాయింగ్ గీసే మనిషి తరచూ పాత ఫైలు తెరిచి పనిచేస్తాడు. దాంతో అంతకుముందు సరైనవి మళ్లీ తప్పుగా మారిపోతాయి. పాతదాన్నీ కొత్తదాన్నీ ఒకదాని మీద ఒకటి పరిచి చూస్తే, మబ్బు గీతలు లేని చోట జరిగిన మార్పులు బయటపడతాయి. అలాంటివి కనిపిస్తే మళ్లీ అదే వరుసలో కొత్త అంశాలుగా రాయాలి.

ఆసుపత్రి విషయంలో మొదటి, రెండో అంశాలు పోర్టు నంబరు, అడ్రస్ దిద్దగానే ముగుస్తాయి. మూడోది కొత్త పట్టికలోంచి వేరే అంతస్తులో మరికొన్ని పోర్టులు చూసి, అన్నీ కలిసినప్పుడు ముగుస్తుంది. ముందు చూసిన రెండో అంతస్తులోనే మళ్లీ చూస్తే ప్రయోజనం లేదు. నాలుగోది రాక్ కొత్త స్థానం, 97 మీటర్ల అంకె డ్రాయింగులో కనిపిస్తే ముగుస్తుంది. ఇవన్నీ కలిసి రివిజన్ 2కి ‘వ్యాఖ్యలతో ఆమోదం’ హోదా తెస్తాయి. అయిదోది తెరిచే ఉంటుంది. వెండర్ రెండో ఫైబర్‌ను పడమటి షాఫ్ట్ గుండా కొత్తగా లాగి, కొత్త టెస్ట్ రిపోర్టు ఇవ్వాలి. అందులో పొడవు 130 మీటర్ల ప్రాంతంలో ఉండి, షాఫ్ట్‌లో తీగ కంటికి కనిపిస్తే హోల్డు తీసేసి రివిజన్ 3 విడుదల చేస్తారు. పూర్తి ఆమోదం దానికే.